ఒకటికి ఆరు అంటే అసలు ఎంతమంది? వార్డులో నర్సుల లెక్కకు ఏ పద్ధతి మేలు

మా పిన్ని కొడుకు విశాఖలో, సీతమ్మధార వైపు, 60 పడకల ఆసుపత్రికి మేనేజరు. నేను పాతికేళ్లు స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత వార్డు ఇన్‌ఛార్జిగా చేసి మానేశానని వాడికి తెలుసు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, నర్సుకి ఎంతమంది పేషెంట్లు ఉండాలో ఒక్క నంబరు చెప్పు. బోర్డు మీటింగులో పెట్టాలి" అన్నాడు. మీ దగ్గర ఇప్పుడు ఎంత ఉంది అని అడిగాను. "ఒకటికి ఆరు. ఫైల్లో రాసే ఉంది" అన్నాడు గర్వంగా.

"రాత్రి రెండు గంటలకి మీ సర్జికల్ వార్డులో ఎంతమంది సిస్టర్లు ఉంటారు?"

"ఒకరు. తోడుగా ఒక స్టూడెంట్ అమ్మాయి."

"పడకలెన్ని?"

"ముప్పై."

అంటే ఫైల్లో ఒకటికి ఆరు, మంచాల దగ్గర ఒకటికి ముప్పై. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ నంబరుకే రెండు అర్థాలున్నాయి. ముందు ఆ తేడా తెలియకుండా ఏ దేశం పద్ధతి మంచిదో చర్చించుకోవడం దండగ కాబట్టి, అక్కడే మొదలుపెడతాను.

పోస్టుల లెక్క, డ్యూటీ లెక్క

మన దగ్గర వాడుకలో ఉన్న ప్రమాణాలు ఎక్కువగా పోస్టులు మంజూరు చేయడం కోసం పుట్టినవి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ టీచింగ్ ఆసుపత్రుల జనరల్ వార్డులకు ఒకటికి మూడు, మామూలు ఆసుపత్రులకు ఒకటికి అయిదు అంటుంది, దానిపైన సెలవుల కోసం 30 శాతం అదనం. కేంద్ర ప్రభుత్వపు స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ లెక్కలో జనరల్ వార్డుకు ఒకటికి ఆరు. ఈ అంకెలను చాలా ఆసుపత్రులు పడకలకీ, జీతాల రిజిస్టరులోని పేర్లకీ మధ్య నిష్పత్తిగా చదువుకుంటాయి. ఏ పేరు ఏ పూట డ్యూటీలో ఉందన్నది వేరే విషయం.

మా తమ్ముడి వార్డునే తీసుకోండి. 30 పడకలను ఆరుతో భాగిస్తే అయిదు. సెలవులకు 30 శాతం కలిపితే ఆరున్నర, పైకి సరిచేసి ఏడుగురు. ఏడుగురినీ పెట్టారు, ఫైలు మూసేశారు.

ఇప్పుడు గంటల్లో చూడండి. విశాఖలో చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో లాగే వాళ్లకీ పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. వారానికి 48 గంటల పని అనుకుందాం. ఏడాదికి 2,496 గంటలు. అందులో సీఎల్, ఈఎల్, జ్వరాలు, పండగలు, ట్రైనింగులు అన్నీ కలిపి 45 రోజులు తీసేస్తే ఒక్కో నర్సు నికరంగా వార్డులో ఉండేది సుమారు 2,136 గంటలు. ఏడుగురికి 14,952. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 41 గంటలు. రోజులో ఉన్నవి 24 గంటలు కనుక, సగటున ఏ క్షణంలోనైనా వార్డులో ఉండేది 1.7 మంది నర్సులు. ఒక్కొక్కరి మీద దాదాపు 18 పడకలు.

పొద్దున డాక్టర్ల రౌండ్లుంటాయి కాబట్టి ముగ్గుర్ని వేస్తారు, మధ్యాహ్నం ఇద్దర్ని. మిగిలిన ఒక్కరూ రాత్రికి. డ్యూటీ చార్టు వేసే హెడ్ సిస్టర్ తప్పు ఇందులో ఏమీ లేదు. 41 గంటలను ఎలా సర్దినా ఇంతే వస్తుంది. ఒకటికి ఆరు అన్నది ప్రతి షిఫ్టులోనూ నిజం కావాలంటే అదే వార్డుకు 21 మంది కావాలి. ఏడుకీ ఇరవై ఒకటికీ మధ్య ఉన్న దూరమే ఆ ఫైల్లో దాగి ఉంది.

రాత్రి పన్నెండు గంటల్లో ఏం పడుతుంది

పేషెంట్లకు ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి ఒక రాత్రిని నిమిషాల్లో లెక్క కడతాను. ఇవి నా అనుభవం మీద వేసిన అంచనాలు. మీ వార్డులో ఒకసారి గడియారం పెట్టుకుని చూసుకోండి, పెద్దగా తేడా రాదు.

15 మంది పేషెంట్లున్న నర్సు అనుకుందాం. రాత్రి 10కి, 2కి, 6కి బీపీ, పల్సు, ఊపిరి, టెంపరేచర్, ఆక్సిజన్ చూసి చార్టులో రాయాలి. మనిషికి అయిదు నిమిషాలు. మూడు రౌండ్లకు 225 నిమిషాలు. పది మందికి రెండు పూటలా ఇంజెక్షన్ యాంటీబయాటిక్, కలిపి ఎక్కించడానికి ఆరు నిమిషాల చొప్పున 120. ఆ రోజే ఆపరేషన్ అయిన ముగ్గురిని రెండు గంటలకోసారి చూడాలి, దానికి అదనంగా 45. సెలైన్లు మార్చడం, షుగర్ చూడడం, యూరిన్ బ్యాగు కొలవడం, పక్క తడిస్తే మార్చడం గంట. క్యాజువాలిటీ నుంచి రెండు కొత్త అడ్మిషన్లు వస్తే గంటన్నర. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు హ్యాండోవర్ గంట. కేస్ షీట్లు రాయడం ఇంకో గంట. మొత్తం 660 నిమిషాలు, అంటే 11 గంటలు. పన్నెండు గంటల డ్యూటీలో మిగిలిన ఆ ఒక్క గంటలోనే అన్నం, బాత్రూము, "సిస్టరూ, మా నాన్నకి నొప్పిగా ఉందట" అని వచ్చే అటెండెంట్లు, పోయిన కరెంటు, పనిచేయని బీపీ మిషను.

ఇదే పని 28 మందికి ఒక్కరే చేయాలంటే, ఒక్క బీపీ, పల్సు రౌండ్లకే ఏడు గంటలు, ఇంజెక్షన్లకు ఇంకో నాలుగు గంటల దాకా పడతాయి. మిగతావి లెక్కపెట్టకుండానే రాత్రి అయిపోయింది. కాబట్టి ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఏది వదులుతారు? ఇంజెక్షన్ వదిలితే పొద్దున దొరికిపోతారు, వయల్ మిగిలిపోతుంది. సెలైన్ అయిపోతే అటెండెంటు అరుస్తాడు. వదిలినా ఎవరికీ తెలియనిది అర్ధరాత్రి రెండింటి రౌండు.

నేనూ వదిలాను. ఆ ఆసుపత్రి పేరు అనవసరం. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకాయనకు పేగుకు చిల్లు పడి ఆపరేషన్ అయ్యింది, మూడో రోజు. ఆ రాత్రి నాకు 26 మంది. పదింటికి ఆయన పల్సు 98. కొంచెం ఎక్కువే కానీ నొప్పి వల్ల అనుకున్నాను. రెండింటికి నేను ఇంకో మూలన, రక్తం వాంతి చేసుకుంటున్న పేషెంటు దగ్గర ఉన్నాను. నాలుగింటికి చార్టులు ముందేసుకుని కూర్చుని, రెండు గంటల గడిలో 98 అనే రాశాను. ఆరింటికి చూస్తే పల్సు 134, బీపీ పై అంకె 80, ఊపిరి నిమిషానికి 30 దాటింది, రాత్రంతా బ్యాగులోకి వచ్చిన మూత్రం అరగ్లాసు కూడా లేదు. లోపల కుట్టు విడిపోయి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మళ్లీ థియేటరు, పదకొండు రోజులు ఐసీయూ. బతికాడు. రెండింటికి చూసి ఉంటే ఎంత ఉండేదో నాకు తెలీదు గానీ, 98 మాత్రం అయి ఉండదు.

కాంప్లికేషన్ రావడం వేరు, వచ్చిందని సకాలంలో గుర్తించలేక మనిషి పోవడం వేరు. రెండోదాన్ని వైద్య పరిశోధనలో ఫెయిల్యూర్ టు రెస్క్యూ అంటారు. నర్సుల సంఖ్య ముఖ్యంగా దెబ్బకొట్టేది దీన్నే. ఆపరేషన్ ఎంత బాగా చేసినా కుట్టు విడిపోయే పేషెంట్లు కొందరుంటారు. వాళ్లు దిగజారుతున్న ఆ నాలుగైదు గంటల్లో మంచం దగ్గరికి ఎవరైనా వచ్చారా అన్నదే ప్రశ్న.

7 శాతం అనే మాట

ఈ రంగంలో అందరూ చెప్పే అంకె ఒకటుంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల సర్జికల్ పేషెంట్ల వివరాలు తీసి 2002లో ప్రచురించింది. నర్సు మీద సగటున ఒక పేషెంటు పెరిగిన కొద్దీ, ఆసుపత్రిలో చేరిన 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో 300 ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే అంకె వచ్చింది.

దీన్ని తప్పుగా చదివేవాళ్లు చాలామంది. నూటికి ఏడుగురు అదనంగా పోతారని కాదు. వెయ్యిలో 20 మంది పోయే చోట, నర్సుకు ఒక పేషెంటు పెరిగితే అది 21 దాటుతుంది. ఒకటి రెండు పెరిగితే కంటికి ఆనదు. నాలుగు నుంచి ఎనిమిదికి పోతే 31 శాతం ఎక్కువ, అప్పుడు వెయ్యికి 26 చుట్టుపక్కల. ఏ ఒక్క ఆసుపత్రిలోనూ ఆ అయిదారుగురిని వేలుపెట్టి చూపించలేం, అందుకే యాజమాన్యాలకు నమ్మకం కుదరదు.

ఇంకో సంగతి. ఆ పెన్సిల్వేనియా అధ్యయనంలో ఎక్కువ ఆసుపత్రులు నర్సుకు నలుగురి నుంచి ఎనిమిది మంది మధ్యలో ఉన్నవి. మన ఒకటికి పద్దెనిమిది, ఒకటికి ముప్పై ఆ గీత మీదే లేవు. కాబట్టి 7ను పాతికసార్లు గుణించి భయపెట్టే అంకె తయారు చేయడం శాస్త్రం కాదు. అక్కడ ఏం జరుగుతుందో చెప్పడానికి పైన రాసిన నిమిషాల లెక్కే నాకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

మూడు దారులు

సంఖ్యను కట్టడి చేయడానికి ప్రపంచంలో మూడు రకాల పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటిది కాలిఫోర్నియా దారి. 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు పెట్టారు. మెడికల్, సర్జికల్ వార్డుల్లో మొదట ఒకటికి ఆరు, 2005 నుంచి ఒకటికి అయిదు. ఐసీయూలో ఒకటికి రెండు. ఇక్కడ పట్టు ఎక్కడుందంటే, ఈ అంకె అన్ని వేళలా వర్తిస్తుంది. నర్సు భోజనానికి వెళ్తే ఆమె పేషెంట్లను చూడడానికి ఇంకొకరు రావాలి. ఆసుపత్రులు కోర్టుకెళ్లినా ఆ నిబంధన నిలబడింది. తర్వాత ఐకెన్ బృందమే న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలతో పోల్చి, ఆ రెండు రాష్ట్రాల్లోనూ కాలిఫోర్నియా స్థాయిలో నర్సులుండి ఉంటే సర్జికల్ మరణాలు వరుసగా 13.9, 10.6 శాతం తగ్గేవని 2010లో అంచనా వేసింది. అయితే చట్టానికి ముందూ తర్వాతా ఒకే ఆసుపత్రులను చూసిన తొలి అధ్యయనంలో పేషెంట్లు పడిపోవడం, పడక పుళ్లు లాంటివి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నర్సులు పెరగడం మాత్రం ఖాయంగా జరిగింది.

రెండోది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ దారి. 2016లో ఎంపిక చేసిన 27 ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టారు. పొద్దున, మధ్యాహ్నం షిఫ్టుల్లో ఒకటికి నాలుగు, రాత్రి ఒకటికి ఏడు. కానీ ఇది వార్డు సగటు. 28 మందికి రాత్రి నలుగురు నర్సులుండాలి, వాళ్లలో ఎవరికి ఎవరన్నది ఇన్‌ఛార్జి పంచుకోవచ్చు. సీరియస్ పేషెంట్లున్న నర్సుకు నలుగురు, తేలికవాళ్లున్న నర్సుకు పదిమంది అయినా చట్టానికి అభ్యంతరం లేదు. దీన్ని 28 ఇతర ఆసుపత్రులతో పక్కపక్కన పెట్టి, ముందూ తర్వాతా కూడా కొలిచి 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. నర్సుకు ఒక పేషెంటు తగ్గితే మరణాలు, వారంలోపు మళ్లీ చేరడాలు రెండూ 7 శాతం చొప్పున తక్కువ, ఆసుపత్రిలో ఉండే రోజులు 3 శాతం తక్కువ. తగ్గిన రోజులు, తగ్గిన రీఅడ్మిషన్ల వల్ల మిగిలిన డబ్బు కొత్త నర్సుల జీతాలకు రెట్టింపు పైన ఉందని తేల్చారు. నా దృష్టిలో మూడు దారుల్లోనూ గట్టి సాక్ష్యం ఉన్నది దీనికే.

మూడోది ఇంగ్లండ్, వేల్స్ దారి. ఒక అంకె అందరికీ నప్పదు, ఏ వార్డులో పేషెంట్లు ఎంత సీరియస్‌గా ఉన్నారో కొలిచి దాన్నిబట్టి నర్సులను వేయండి అంటారు. వినడానికి ఇదే అన్నింటికంటే తెలివైనది. ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకం నిష్పత్తి పెట్టకుండానే, పగలు ఒక రిజిస్టర్డ్ నర్సు మీద ఎనిమిది మంది దాటితే హాని పెరుగుతుందని హెచ్చరించింది. దాంతోపాటు ఎర్రజెండాలని కొన్ని పెట్టింది: నొప్పి మందు అరగంటకు మించి ఆలస్యం కావడం, బీపీ పల్సు రౌండు తప్పడం, వార్డులో ఇద్దరు రిజిస్టర్డ్ నర్సులకంటే తక్కువ ఉండడం. వీటి సంగతి కిందకొచ్చాక చెప్తాను, నాకు బాగా పనికొచ్చాయి.

అంకె లేని ఈ దారిలో చిక్కేమిటంటే, పేషెంట్లకు మార్కులు వేయాల్సింది వార్డు సిస్టరే, జీతం ఇచ్చేది యాజమాన్యం. నెల చివర ఖర్చు పెరిగిందనగానే "ఈ రోజు మీ వార్డులో అంత సీరియస్ ఎవరూ లేరు కదా" అన్న మాట వస్తుంది. కాదని నిలబడే బలం పర్మనెంటు ఉద్యోగికి ఉంటుందేమో, నెలజీతం మీద ఉన్న ఇరవై రెండేళ్ల, జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చేసిన అమ్మాయికి ఉండదు. పైగా మార్కులు వేయడానికీ టైము కావాలి. ఒకటికి పద్దెనిమిది ఉన్నచోట ఆ టైమెక్కడిది?

మసాచుసెట్స్ అనుభవం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. 2014లో అక్కడ ఐసీయూలకు మాత్రమే చట్టం చేశారు: ఒకటికి ఒకటి లేదా ఒకటికి రెండు, పేషెంటు పరిస్థితిని బట్టి. తర్వాత కొలిస్తే మరణాలు మారలేదు. కారణం వెతికితే, చట్టం రాకముందే అక్కడ నర్సుకు ఒకటిన్నర మంది కంటే తక్కువే ఉన్నారు. ముందే బాగున్నచోట నియమం పెట్టి ఫలితం చూపించలేరు. మన ఆసుపత్రుల్లోనూ అక్రెడిటేషన్ కోసం ఐసీయూని చక్కగా నింపి, అదే పేషెంటును మర్నాడు రాత్రి ఒక్క సిస్టరున్న వార్డులోకి మారుస్తారు. కొత్తగా డబ్బు పెట్టగలిగితే అది వార్డులోకి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

మా తమ్ముడి వార్డుకు వేసి చూస్తే

30 పడకలు, సగటున 28 నిండి ఉంటాయి. షిఫ్టులు 6, 6, 12 గంటలు. నర్సు ఏడాదికి 2,136 గంటలు.

| పద్ధతి | పొద్దున, మధ్యాహ్నం, రాత్రి | కావలసిన స్టాఫ్ నర్సులు |
|---|---|---|
| ఇప్పుడున్నది | 3, 2, 1 | 7 |
| ప్రతి షిఫ్టులో ఒకటికి ఆరు | 5, 5, 5 | 21 |
| క్వీన్స్‌లాండ్ సగటు | 7, 7, 4 | 23 |
| కాలిఫోర్నియా ఒకటికి అయిదు | 6, 6, 6 | 25 |

హెడ్ సిస్టర్ ఇందులో లేరు. హ్యాండోవర్‌కు రెండు షిఫ్టులు అరగంట కలవడం, భోజనానికి బదులు మనిషి, ఇవీ లేవు. కాలిఫోర్నియా నియమాన్ని నిజాయితీగా పాటిస్తే 25 దాటుతుంది.

చూశారుగా, విదేశీ పద్ధతుల మధ్య తేడా ఇద్దరో ముగ్గురో. అసలు అగాధం మొదటి వరసకూ రెండో వరసకూ మధ్య ఉంది. అందుకే ఏ దేశం నియమం అన్న వాదన కంటే "ప్రతి షిఫ్టులో, డ్యూటీలో ఉన్నవాళ్లు" అన్న నాలుగు మాటలు నియమంలో ఉన్నాయా లేవా అన్నది ముందు చూడమంటాను.

ఖర్చు సంగతి. సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000కు తగ్గకూడదంది. లెక్క తేలిగ్గా ఉండడానికి అదే తీసుకుందాం. 60 పడకల వాడికి సిఫార్సు ఇంకా ఎక్కువ. 21 మంది కావాలంటే 14 మంది అదనం, నెలకు 2,80,000. 28 మంది పేషెంట్లు 30 రోజులు అంటే 840 పడక రోజులు. ఒక్కో పేషెంటు మీద రోజుకు 333 రూపాయలు. నగదు పేషెంటు బిల్లులో ఇది కనిపించదు కూడా. ఎన్టీఆర్ వైద్య సేవ పేషెంటుకు మాత్రం ప్యాకేజీ రేటు కట్టి ఉంటుంది, దానిపైన కలపడానికి వీల్లేదు. మా తమ్ముడి వార్డులో ఎక్కువమంది వాళ్లే. "333 ఎక్కడి నుంచి తేవాలక్కా" అని వాడంటే నా దగ్గర జవాబు లేదు. ప్యాకేజీ రేట్లలో నర్సు గంటలకు విడిగా లెక్క కట్టకపోతే, ప్రభుత్వం ఏ నిష్పత్తి చట్టం చేసినా ఇలాంటి చిన్న ఆసుపత్రులు కాగితం మీదే పాటిస్తాయి.

నేను దేన్ని ఎంచుకోమన్నాను

వార్డు సగటు పద్ధతి. ఒక్కో నర్సుకు గీత గీసే కాలిఫోర్నియా నియమం పెద్ద ఆసుపత్రికి నప్పుతుంది. ఆరుగురిలో ఒకరు రాకపోతే పక్క వార్డు నుంచి తెచ్చుకోవచ్చు. కానీ పెద్దదే అయినా, కింగ్ జార్జ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో శ్రీకాకుళం నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ వచ్చే పేషెంటును పడక లేదని తిప్పి పంపడానికి వీలుండదు. అక్కడ గీత దాటిన ప్రతిసారీ పేషెంటు క్యాజువాలిటీలోనో నేలమీద పరుపు మీదో ఆగిపోతాడు. వార్డు లెక్క సరిగ్గా ఉంటుంది, ప్రమాదం వరండాలోకి మారుతుంది. మా తమ్ముడిది లాంటి చిన్న చోట సగటు పెట్టుకుంటే ఇన్‌ఛార్జికి సర్దుకునే వెసులుబాటు ఉంటుంది.

సగటుకు ఒక జబ్బుంది. పొద్దున ఎనిమిది మందిని వేసి, రాత్రి ఇద్దరితో నడిపి, రోజు మొత్తానికి సగటు బాగుందని చూపించొచ్చు. కాబట్టి సగటు షిఫ్టువారీగా తీయాలి. దానికి తోడు రాత్రికి ఒక కనీస హద్దు ఉండాలి: ఎంత తక్కువ పేషెంట్లున్నా ఇద్దరు రిజిస్టర్డ్ నర్సులకు తగ్గకూడదు. ఒకరు ఒక పేషెంటు దగ్గర ఇరుక్కుపోతే రెండోవాళ్లు మిగతావాళ్లను చూస్తారు. నా 98 రాత్రి నాకు లేనిది అదే.

లెక్కలో ఎవరిని కలపాలన్నది కూడా ముందే రాసుకోమన్నాను. స్టూడెంట్లు లెక్కలోకి రారు. ఆయమ్మలు, వార్డు బాయ్‌లు రారు. వాళ్లు లేకపోతే నర్సు పని ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ నర్సు బదులు వాళ్లను పెట్టుకుంటే ఏమవుతుందో యూరప్ ఆసుపత్రుల మీద 2017 ప్రాంతంలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది: 25 మంది పేషెంట్లకు ఒక నర్సును తీసి ఒక సహాయకురాలిని పెట్టినట్టుంటే, చనిపోయే అవకాశం 21 శాతం ఎక్కువ. పల్సు 98 నుంచి 110 అయినప్పుడు ఆగి ఆలోచించడం చదువుకున్నవాళ్ల పని.

21 మంది ఒక్కసారి రారు, డబ్బుండి కూడా దొరకరు. అనుభవం వచ్చిన అమ్మాయి గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్లే పరీక్షలకు చదువుతూ ఉంటుంది. అందుకని మెట్లు వేశాం. మొదటి మెట్టు 4, 3, 3. దానికి 14 మంది కావాలి, అంటే ఇంకో ఏడుగురు. నెలకు 1,40,000, పేషెంటుకు రోజుకు 167 రూపాయలు. ఇది సురక్షితమైన సంఖ్య అని నేననను. రాత్రి ఒకటికి తొమ్మిది పైనే. కానీ నిమిషాల లెక్కలో రెండింటి రౌండు పట్టే సంఖ్య. రెండో మెట్టు 5, 4, 4, దానికి 18 మంది.

కొత్తవాళ్లందరినీ పొద్దునకే వేయాలని డాక్టర్లు గట్టిగా అడుగుతారు, రౌండ్లలో వాళ్లకు కనపడేది అదే కాబట్టి. ముందు రాత్రి నింపాకే పగలు పెంచండి అని చెప్పాను. ఒకరిద్దరు సర్జన్లకు కోపం వచ్చిందట.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మరణాలను చూసి తేల్చుకోవాలనుకోకండి. 30 పడకల వార్డులో ఏడాదికి ఉండే కొద్దిపాటి మరణాల్లో మార్పు అదృష్టమో నర్సుల వల్లో విడదీయలేం. 55 ఆసుపత్రులను పోల్చడం వల్లే క్వీన్స్‌లాండ్‌లో ఆ తేడా బయటపడింది. చిన్న చోట చూడాల్సింది జరగాల్సిన పని జరిగిందా అన్నది.

రాత్రి రెండు గంటలకు వార్డులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది రిజిస్టర్డ్ నర్సులు అన్నది ఒక నోటుబుక్కులో రాయించండి. రెండు అంకెలు, అర నిమిషం. నెలకు 30 వరసలు. డ్యూటీ చార్టు కంటే ఇది నిజం చెబుతుంది, ఎందుకంటే చార్టులో ఉన్న పేరు ఆ రాత్రి జ్వరంతో ఇంట్లో ఉండొచ్చు, లేదా ఐసీయూకి అరువు వెళ్లి ఉండొచ్చు.

రెండోది, వారానికి ఓ పది కేస్ షీట్లు తీసి ఊపిరి గడి చూడండి. అందరికీ అన్ని పూటలా 20 లేదా 18 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. ఊపిరి కొలవడానికి మిషను ఉండదు, కూర్చుని చూస్తూ లెక్కపెట్టాలి, అందుకే టైము లేనప్పుడు ముందు అబద్ధమయ్యేది ఆ గడే. ఒంట్లో ఏదో చెడుతోందని చాలాసార్లు ముందుగా చెప్పేదీ అదే. అంకెలు మనిషికీ మనిషికీ మారుతూ, 16, 22, 19 అని అడ్డదిడ్డంగా కనబడడం మొదలైతే నాకు సంతోషం.

మూడోది ఆ ఎర్రజెండాల్లో ఒకటి: నొప్పి మందు అడిగిన టైము, ఇచ్చిన టైము. అరగంట దాటినవి ఎన్ని? ఈ నోటుబుక్కు పట్టుకుని సిస్టర్లను మందలించడం మొదలుపెడితే మాత్రం మర్నాటి నుంచే అన్ని అంకెలూ అందంగా వస్తాయి. అది మా తమ్ముడికి రెండుసార్లు చెప్పాను.

మొదటి నెల నోటుబుక్కు ఫొటో తీసి పంపాడు. కొత్తగా తీసుకోవాల్సిన ఏడుగురిలో అప్పటికి నలుగురే చేరారు. 30 రాత్రుల్లో 19 రాత్రులు ఇద్దరు, 7 రాత్రులు ముగ్గురు, 4 రాత్రులు ఒక్కరే. ఆ నాలుగూ ఏ తేదీలో చూడమన్నాను. మూడు ఆదివారాలు. కొత్త అమ్మాయిల్లో ముగ్గురు విజయనగరం వాళ్లు, వీక్లీ ఆఫ్‌కి ఒకేసారి ఊరెళ్లిపోతున్నారు. ఆఫ్‌లు వేరువేరు రోజులకు మార్చాడు. నాలుగో రాత్రికి ఇంకా కారణం దొరకలేదు, ఆ వరసలో అంకె ఎవరో కొట్టేసి మళ్లీ రాశారు.